ఛార్జి లిస్టులో లేని తేదీ: కార్యాలయాధిపతులకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్యాలయాధిపతులకు, పనులు చేయించే శాఖల అధికారులకు,

నమస్కారం. కాంట్రాక్టరు ఇచ్చిన బ్యాంకు గ్యారంటీ గడువు ఎవరూ గమనించకుండానే ముగిసిపోయిన సంగతిని మా కార్యాలయంలో విజ్ఞప్తిగా రాసి ఇచ్చాం. తీసుకున్నట్టు ముద్ర పడింది. తర్వాత దాని జాడ లేదు. అడిగితే 'పరిశీలనలో ఉంది' అన్నారు. పరిశీలనలో ఉన్న కాగితం ఎక్కడ ఉంటుందో ఫైళ్ల మధ్య బతికే మాకు తెలుసు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను. విజ్ఞప్తి భాషలో రాసినప్పుడు విషయం ఎవరికీ పట్టలేదు కనుక కథలా చెబుతాను. ఊరు, పేర్లు తీసేశాను. అవి లేకపోయినా ఇది ఏ కార్యాలయానికైనా సరిపోతుంది, చిక్కంతా అక్కడే ఉంది.

ఒక వర్క్స్ సెక్షన్. అక్కడి సీనియర్ అసిస్టెంట్ మార్చి 31న పదవీ విరమణ చేయబోతున్నారు. ఆయన సీటు కింద ఒక బీరువా, దాని మీద మరో రెండు వరసల కట్టలు. ఆ సీటులోకి రాబోయేది ఉద్యోగంలో చేరి ఏడాదైనా నిండని ఒక ఆఫీస్ అసిస్టెంట్. ఒక్కో ఫైలుకు ఒక పేజీ చొప్పున సారాంశం రాసి పెట్టమని సూపరింటెండెంట్ గారు ఆమెకు చెప్పారు. ఆయన దృష్టిలో సారాంశం అంటే ఫైలు నంబరు, విషయం, పేజీల సంఖ్య, చివర 'పెండింగ్' లేదా 'క్లోజ్డ్'. అంటే సీటు అప్పగించేటప్పుడు ఇచ్చే ఛార్జి లిస్టునే కాస్త పెద్ద అక్షరాల్లో రాయడం.

ఆ అమ్మాయి అలా రాయలేదు. రేపు ఆ ఫైళ్లకు జవాబు చెప్పుకోవాల్సింది తానే గదా. పేజీ అడుగున ఒక గడి అదనంగా గీసుకుంది: 'ఎవరూ ఏమీ చేయకపోతే ఏ రోజున ఏం పోతుంది?' చదవడం కూడా వెనక నుంచి మొదలుపెట్టింది. ముందు నోట్ ఫైలులో చివరి ఉత్తర్వు, తర్వాత ఉత్తరాల వైపు తిరిగి, మన దగ్గర నుంచి వెళ్లిన ప్రతి లేఖకూ జవాబు వచ్చిందా లేదా అని ఒక్కొక్కటే పోల్చడం. ఫైళ్లు చదవడం వచ్చినవాళ్లు చేసే పని ఇది. వచ్చిన కాగితాలు వాటంతట అవే కనిపిస్తాయి. రావలసి ఉండీ రానివి ఇలా వెతికితేనే కనిపిస్తాయి.

చాలా ఫైళ్లలో ఆ గడి ఖాళీగానే మిగిలింది. తాగునీటి పైపులైను ఫైలు దగ్గర ఆమె ఆగిపోయింది.

పని పూర్తయిన తేదీ నుంచి ఇరవై నాలుగు నెలల పాటు ఏ లోపం బయటపడినా కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగు చేయాలి. దాన్నే డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ అంటాం. ఆ బాధ్యతకు పూచీగా కాంట్రాక్టరు బ్యాంకు గ్యారంటీ ఇచ్చాడు. పని జనవరి 27 నాటికి పూర్తవుతుందని లెక్కవేసి, దానికి ఇరవై నాలుగు నెలలు, పైన మరో రెండు నెలలు కలిపి, గ్యారంటీ మార్చి 27 వరకు చెల్లేలా అగ్రిమెంటు రోజునే రాయించారు. పని మాత్రం ఏడు నెలలు ఆలస్యమై ఆగస్టు 27న పూర్తయింది. లోపాల బాధ్యత అక్కడి నుంచి మొదలైంది కాబట్టి అది ఈ ఏడాది ఆగస్టు దాకా నడుస్తుంది. గ్యారంటీ కాగితం ఈ మార్చిలోనే ప్రాణం విడుస్తుంది. మధ్యలో ఐదు నెలలు కాంట్రాక్టరు మీద బాధ్యత ఉంటుంది, మన చేతిలో పూచీ ఉండదు.

ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో 'డి.ఎల్.పి. ఆగస్టు వరకు' అని పెద్దగా రాసి ఉంది. అది తప్పు కాదు. దాన్ని చూసినవాళ్లంతా ఇంకా సమయం ఉందనుకున్నారు, అంతే. రెండో తేదీ గ్యారంటీ నకలులో, ఏడో పేరాలో ఉంది. అక్కడిదాకా చదివే పని ఎవరికీ పడలేదు.

ఆమె ఈ సంగతి కనిపెట్టింది 22వ తేదీ, మంగళవారం. 27 ఆదివారం. శని, ఆదివారాలు గ్యారంటీ ఇచ్చిన బ్యాంకు శాఖ తెరవదు. అంటే చేతిలో ఉన్నవి మూడు పని దినాలు.

"సార్, దీనికి కాంట్రాక్టరు జవాబు ఎక్కడ ఉంది?" అంటూ పదవీ విరమణ చేయబోతున్న పెద్దాయన ముందు ఒక లేఖ నకలు పెట్టింది. ఏడు నెలల గడువు పొడిగించినప్పుడు మన కార్యాలయం నుంచి వెళ్లిన లేఖ అది. గ్యారంటీని కూడా అంత మేరకు పొడిగించి ఇవ్వాలని చివరి వాక్యంలో ఉంది.

ఆయన కళ్లజోడు సవరించుకుని రెండు సార్లు చదివారు. "రాలేదమ్మా. గుర్తు చేయాలని నా డైరీలో రాసుకున్నాను." డైరీ తీశారు. నిజంగానే రాసుకున్నారు. కానీ అది అంతకు ముందటి ఏడాది డైరీ. కొత్తది వచ్చినప్పుడు పాతదానిలోని తేదీలు అందులోకి ఎక్కలేదు. అదే జనవరిలో ఖాళీ అయిన పక్క సీటు పని కూడా ఆయన నెత్తినే పెట్టారని ఇక్కడ చెప్పాలి. ఆ ఉత్తర్వు కూడా ఫైలులో ఉంది. ఆయన్ను వెనకేసుకు రావాలని చెప్పడం లేదు. ఒక మనిషి డైరీ మీద ఇంత పెద్ద పూచీ వేలాడుతోందని సంతకాలు పెట్టిన మిగతా నలుగురికీ ఎందుకు తెలియలేదన్నదే నా ప్రశ్న.

ఇక ఆ మూడు రోజులు. మంగళవారం సాయంత్రమే ఇనప్పెట్టెలోంచి అసలు గ్యారంటీ తీయించారు. బుధవారం పొద్దున చిత్తుప్రతి తయారైంది. 'గ్యారంటీ గడువును పొడిగించవలసిందిగా కోరుచున్నాము' అని రాసింది ఆ అమ్మాయి. పెద్దాయన దాన్ని కొట్టేశారు. "ఇది మర్యాదగా అడగడం. బ్యాంకువాళ్లు దీన్ని కాంట్రాక్టరుకు పంపి ఊరుకున్నా మనం ఏమీ అనలేం. ఆదివారం దాటాక మన చేతిలో మిగిలేది ఈ నకలే" అని విడమరిచి చెప్పారు.

ఆయన చెప్పింది గట్టి మాట. బ్యాంకు గ్యారంటీ కాంట్రాక్టు నుంచి విడిగా నిలబడే హామీ. పైపు కారుతోందా లేదా అని బ్యాంకు విచారించదు. కాగితంలో ఏ మాటలు కోరారో ఆ మాటలతో, అధికారం ఉన్నవారి సంతకంతో, చెప్పిన చోటికి, చెప్పిన తేదీలోగా డిమాండు అందిందా అన్నదే చూస్తుంది. అందుకే ఆయన గ్యారంటీని పక్కన పెట్టుకుని, అందులోని వాక్యాన్నే ఎత్తి రాయించారు: కాంట్రాక్టరు అగ్రిమెంటు ప్రకారం తన బాధ్యత నెరవేర్చలేదు, గ్యారంటీని ఫలానా తేదీ వరకు పొడిగించండి, లేదంటే పూర్తి మొత్తం చెల్లించండి. పొడిగించు లేదా చెల్లించు అనే ఈ పద్ధతి ప్రపంచమంతటా ఉన్నదే. అంతర్జాతీయ వాణిజ్య మండలి తెచ్చిన, 2010 జులై 1 నుంచి అమల్లో ఉన్న, ఇలాంటి గ్యారంటీల కోసమే రాసిన యూఆర్‌డీజీ 758 నియమాల్లో దీనికి ప్రత్యేకంగా ఒక అధికరణమే ఉంది. అలాంటి డిమాండు వస్తే బ్యాంకు చెల్లింపును ముప్పై రోజులకు మించకుండా ఆపి ఉంచవచ్చు, ఈలోగా పొడిగింపు వస్తే చెల్లించాల్సిన పని ఉండదు. చివరి తేదీ సెలవు రోజున పడితే తర్వాతి పని దినానికి జరుగుతుందని కూడా ఆ నియమాలు చెబుతాయి. కానీ గ్యారంటీ ఆ నియమాలకు లోబడి ఉందని కాగితంలో రాసి ఉంటేనే అవి వర్తిస్తాయి. మన కాగితంలో ఆ మాట లేదు. సోమవారం చూద్దాంలే అనుకుని ఉంటే ఏమయ్యేదో వేరే చెప్పక్కర్లేదు.

అధికారి క్యాంపులో ఉన్నారు. సంతకం కోసం కాగితం ఆయన ఉన్న చోటికి వెళ్లి బుధవారం రాత్రికి తిరిగి వచ్చింది. గ్యారంటీ ఇచ్చిన శాఖ వేరే ఊళ్లో ఉంది. ఈమెయిల్ చాలదు, ఆ శాఖలోనే రాతపూర్వకంగా ఇవ్వాలని షరతు. గురువారం ఆ అమ్మాయే బస్సెక్కి వెళ్లి, నకలు మీద తేదీ, సమయం, ముద్ర, సంతకం వేయించుకుని వచ్చింది. బ్యాంకు నుంచి కబురు అందగానే కాంట్రాక్టరు కదిలాడు. శుక్రవారం సాయంత్రానికి ఆరు నెలల పొడిగింపు పత్రం చేతికి వచ్చింది. పెద్దాయన 31న దండ వేయించుకుని ఇంటికి వెళ్లారు.

కథ ఇంతే అయితే ఈ లేఖ రాసేవాణ్ణి కాను. మిగిలిన ఫైళ్లను కూడా అదే పద్ధతిలో చదివితే అదే బీరువాలో ఇంకొకటి బయటపడింది. మరో పేటకు వేసిన పైపులైను, అదే ఎర్ర సిరా, అదే రకం ఆలస్యం. దాని గ్యారంటీ పదకొండు నెలల క్రితమే ముగిసిపోయింది. కాంట్రాక్టరు లేఖలకు పలకడం లేదు. ఆ పేట వాళ్ల ఫిర్యాదులు మెయింటెనెన్స్ సెక్షన్‌లో వేరే ఫైలుగా ఉన్నాయి. గ్యారంటీ ఉన్న సెక్షన్‌కు ఫిర్యాదులు రావు, ఫిర్యాదులు వచ్చే సెక్షన్‌కు గ్యారంటీ సంగతి తెలియదు. మా విజ్ఞప్తి ఈ రెండో ఫైలు గురించే. దానికే జవాబు లేదు.

జవాబు లేకపోగా ఆ అమ్మాయికి ఒక మౌఖిక హెచ్చరిక వచ్చింది: "సారాంశం రాయమంటే ఆడిట్ చేయమని కాదు." ఈ మాట అన్నవారి పేరు నాకు ముఖ్యం కాదు. ఆ మాట మొత్తం సెక్షన్ విన్నది, అది ముఖ్యం. తర్వాత వచ్చే అసిస్టెంటు ఆ చివరి గడిలో 'నిల్' అని రాస్తాడు.

ఈ కారణాలతో కింది విషయాలు మీ ముందు పెడుతున్నాం.

1. ముందు ఆ రెండో పేట సంగతి తేల్చండి. పైపు అతుకు దగ్గర కారితే నీళ్లు వృథా కావడం ఒక్కటే నష్టం అనుకుంటాం. సరఫరా ఉన్నంతసేపూ ఒత్తిడికి నీళ్లు బయటికి పోతాయి. సరఫరా ఆపాక పైపులో ఒత్తిడి పడిపోతుంది, అదే అతుకు గుండా చుట్టూ ఉన్న మురుగు లోపలికి వస్తుంది. మళ్లీ నీళ్లు వదలగానే మొదటి బిందెలో పడేది అదే. ఆ పేటవాళ్లు పొద్దున్నే కాసేపు నీళ్లు బయటికి వదిలేసి తర్వాత పట్టుకుంటున్నారని ఫిర్యాదుల ఫైలులోనే ఉంది. ఈ అతుకులు బాగు చేయాల్సింది కాంట్రాక్టరు. ఇప్పుడు చేస్తే గిస్తే మెయింటెనెన్స్ నిధులతో చేయాలి, అంటే ఇంకో పేటకు దక్కాల్సిన మరమ్మతు ఆగాలి. మేము కోరేది: గ్యారంటీ పోయినా కాంట్రాక్టు మీద హక్కు పోలేదు కాబట్టి లోపాల జాబితాతో కాంట్రాక్టరుకు వెంటనే నోటీసు ఇవ్వండి, అతనికి వేరే పనుల్లో రావలసిన బిల్లుల నుంచి రాబట్టే వీలు అగ్రిమెంటులో ఉందేమో చూడండి. ఆ వివాదం తేలేదాకా పేటను ఆపకండి, మరమ్మతు ఇప్పుడే మొదలుపెట్టండి.

2. పనికి గడువు పొడిగించే ఉత్తర్వును, గ్యారంటీ పొడిగింపు పత్రం చేతికి వచ్చాకే విడుదల చేయండి. జరిగిన తప్పుకు మూలం ఇక్కడే ఉంది. కాంట్రాక్టరుకు కావలసింది గడువు, మనకు కావలసింది పూచీ. అతనికి కావలసింది ముందే ఇచ్చేసి, మనకు కావలసిందాని కోసం లేఖ రాసి కూర్చున్నాం. అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజినీర్ల సమాఖ్య ఫిడిక్ వారి 1999 నాటి నమూనా ఒప్పందంలో, గ్యారంటీ ముగియడానికి 28 రోజుల ముందు నాటికి బాధ్యతలన్నీ నెరవేర్చినట్టు ధ్రువపత్రం పొందే అర్హత కాంట్రాక్టరుకు రాకపోతే దాన్ని అతనే పొడిగించాలి, పొడిగించకపోతే యజమాని మొత్తాన్ని రాబట్టుకోవచ్చు. మన అగ్రిమెంట్లలో ఇలాంటి షరతు ఉన్నా దాన్ని వాడిన నోటు నాకు కనబడలేదు.

3. తేదీలు మనిషి డైరీలో కాకుండా సీటుకు చెందిన రిజిస్టరులో ఉండాలి. కొత్త సాఫ్ట్‌వేర్ కొనమని అడగడం లేదు. ఒక గీతల పుస్తకం చాలు. ప్రతి పనికీ పక్కపక్కనే రెండు తేదీలు: లోపాల బాధ్యత ఎప్పటివరకు, గ్యారంటీ ఎప్పటివరకు. రెండోది మొదటిదానికంటే ముందు వస్తే ఆ వరస కింద గీత పడాలి. ప్రతి నెలా మొదటి పని దినాన ఆ పుస్తకం అధికారి బల్ల మీదికి వెళ్లాలి, రాబోయే మూడు నెలల్లో ముగిసేవాటి పక్కన ఆయనే సంతకం పెట్టాలి. సంతకం పెట్టినవారికి తేదీ తెలిసినట్టే లెక్క. ఈ ఒక్కదానికే ఎక్కువ అభ్యంతరాలు వస్తాయని నాకు తెలుసు, ఎందుకొస్తాయో కూడా తెలుసు.

4. పదవీ విరమణకు కనీసం రెండు నెలల ముందు నుంచి, వెళ్లేవారూ వచ్చేవారూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఫైళ్లు చూడాలి. ఆ అమ్మాయికి తేదీ దొరికింది. కానీ ఆ తేదీని ఏం చేయాలో చెప్పింది పెద్దాయన. ఆయన 31న కాకుండా 21నే వెళ్లిపోయి ఉంటే, ఆ మర్యాదపూర్వకమైన ఉత్తరమే బ్యాంకుకు చేరేది. ఛార్జి లిస్టులో ఆమె గీసుకున్న గడిని అధికారికంగా చేర్చండి. ఆ గడి నింపినవారికి మెమోలు, హెచ్చరికలు ఉండవని రాతపూర్వకంగా చెప్పండి. అలాగే ఈ రెండో ఫైలు పేరు చెప్పి పెద్దాయన పింఛను కాగితాలు ఆపే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోండి. గడువు పొడిగింపు ఉత్తర్వు మీద ఉన్న సంతకాలన్నిటినీ వరసగా చదివాకే బాధ్యత ఎవరిదో మాట్లాడండి.

5. లోపాల బాధ్యత నడుస్తున్న పనుల జాబితాను నోటీసు బోర్డు మీద పెట్టండి: పని పేరు, కాంట్రాక్టరు, రెండు తేదీలు. తమ వీధిలో పైపు కారుతున్నవాళ్లకు ఆ తేదీ తెలిస్తే మా సెక్షన్‌కు గుర్తు చేసేవాళ్లు చాలామంది ఉంటారు.

ఈ లేఖ తేదీ నుంచి ముప్పై రోజుల్లోగా మొదటి అంశం మీద రాతపూర్వకమైన జవాబు కోరుతున్నాం. రాకపోతే రెండో ఫైలులోని గడువు పొడిగింపు ఉత్తర్వు, గ్యారంటీ పత్రం, పేటవాళ్ల ఫిర్యాదుల నకళ్లను ఆ పేటవాళ్లే దరఖాస్తు పెట్టి అడుగుతారు. ఏ పేజీలు అడగాలో వాళ్లకు ఇప్పటికే తెలుసు.

ఇట్లు,
అదే సెక్షన్‌లో పనిచేస్తున్న ఒక ఉద్యోగి, సహోద్యోగుల తరఫున